ముదురు రంగు నూలు జాకెట్లకు, చొక్కాలకు చంకల దగ్గర తెల్లటి మరకలు, అట్టకట్టిన గట్టితనం: వదిలేది ఎలా?

ముదురు నీలం (తిరుపతి) | ఆదివారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. మాది బైరాగిపట్టెడ. బడిలో పాఠాలు చెబుతాను. రోజూ నూలు చీరలే కడతాను కనుక నా జాకెట్లు చాలావరకు ముదురు నీలం, నలుపు, మెరూన్ రంగుల నూలు గుడ్డతో కుట్టించుకున్నవే. రెండేళ్లుగా చెమట పట్టకుండా రోల్ ఆన్ వాడుతున్నాను. ఇప్పుడు ఆ జాకెట్లన్నిటికీ చంకల దగ్గర ఒకే ఇబ్బంది వచ్చింది. లోపలి లైనింగ్ అట్టకట్టి, వేలితో మడిస్తే కాగితంలాగా మడత అలాగే నిలబడిపోతోంది. బయటివైపు సున్నపు నీళ్లు జారి ఆరినట్లు తెల్లటి అంచు కనిపిస్తోంది. ఉతికి తడిగా ఉన్నంతసేపు ఏమీ కనిపించదు, ఆరిన తర్వాత ఎక్కడి మరక అక్కడే ఉంటుంది.

బట్టల సబ్బు బిళ్లతో రుద్ది, బ్రష్షుతో గట్టిగా తోమి చూశాను. చెప్పడానికి వింతగా ఉంది కానీ, సబ్బు ఎక్కువ రుద్దిన జాకెట్టే మిగతావాటికన్నా గట్టిగా తయారైంది. మావారి నల్ల చొక్కాలు రెండింటి పరిస్థితీ ఇంతే. మా వీధిలో ఇస్త్రీ చేసే ఆయన ఇది పోయే మరక కాదని చెప్పారు. గుడ్డ ఇంకా గట్టిగానే ఉంది, రంగు కూడా పోలేదు, ఈ ఒక్క కారణానికి పారేయడానికి మనసొప్పడం లేదు. చేసి చూసినవారు ఉంటే దయచేసి చెప్పండి.

పొదుపు ఇల్లు (చిత్తూరు) | ఆదివారం, ఉదయం 11:05

నమస్తే అక్కా. ఇది చాలా సులభం. రెండు చెంచాల వంట సోడాలో ఒక నిమ్మకాయ పిండి ముద్ద చేసి, మరక మీద పట్టించి అరగంట వదిలేయండి. బుసబుసమని నురుగు వస్తుంది, ఆ నురుగే మురికిని బయటికి లాగేస్తుంది. మా పిల్లల బడి చొక్కాలకు నేను ఇదే చేస్తాను. రసాయనాల జోలికి పోవలసిన పని లేదు.

తెల్ల పంచె (తిరుపతి) | ఆదివారం, ఉదయం 11:40

నాకూ ఇదే సమస్య ఉంది. తెల్ల చొక్కాల చంకల్లో పసుపు మరక పడుతుంది. బకెట్ నీళ్లలో ఒక మూత బ్లీచింగ్ ద్రవం కలిపి నానబెడితే కొంత పోతుంది, కానీ మళ్లీ వస్తుంది. మీరూ అదే ప్రయత్నించండి.

అద్దకం నగరి | ఆదివారం, మధ్యాహ్నం 1:15

పంచె గారూ, మీ సలహా ఆ అమ్మ చదివి పాటించకముందే ఆపాలని తొందరగా రాస్తున్నాను. ఆమె అడిగింది ముదురు రంగు బట్టల మీద పడే తెల్ల మరక గురించి. ముదురు నీలం గుడ్డ మీద బ్లీచింగ్ ద్రవం పడితే ఆ చోట రంగు పోతుంది, పోయిన రంగు తిరిగి రాదు. మీ పసుపు మరక మళ్లీ వస్తోందంటే కారణం కూడా ఆ ద్రవమే కావచ్చు. చెమట, అల్యూమినియం కలిసిన మరకను క్లోరిన్ ఇంకా పసుపు చేయగలదు. మరొక్క మాట. కింద నేను పులుపు వాడమని చెప్పబోతున్నాను. బ్లీచింగ్ ద్రవమూ పులుపూ ఒకే బకెట్లో కలిస్తే విషవాయువు పుడుతుంది. ఒకటి వాడిన బట్టను పూర్తిగా జాడించకుండా రెండోదాంట్లో వేయకండి.

ఇప్పుడు అసలు విషయం. నేను నగరిలో అద్దకం పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. అమ్మా, సబ్బు ఎక్కువ రుద్దిన జాకెట్టే ఎక్కువ గట్టిపడిందని మీరు రాసిన వాక్యంలోనే జబ్బు దొరికింది. చెమట ఆపే రోల్ ఆన్‌లలో అల్యూమినియం లవణం ఉంటుంది. సీసా వెనుక అల్యూమినియం క్లోరోహైడ్రేట్ అని రాసి ఉంటుంది, చూడండి. అది చెమటతో కలిసి జిగురుగా మారి నూలు పోగుల మధ్య దిగుతుంది. దాని మీద సబ్బు రుద్దితే సబ్బులోని కొవ్వు ఆ అల్యూమినియాన్ని పట్టుకుని, నీళ్లలో కరగని మైనం లాంటి పదార్థంగా మారుతుంది. వెనకటికి గుడ్డను వాన నీళ్లు దిగకుండా చేయాలంటే ముందు సబ్బు నీళ్లలో, ఆ తర్వాత పటిక నీళ్లలో ముంచి ఆరబెట్టేవారు. మీకు తెలియకుండానే మీ జాకెట్టు చంకలకు రెండేళ్లుగా మీరు ఆ పనే చేస్తున్నారు.

నమ్మకం కుదరాలంటే ఒక చిన్న పరీక్ష చేయండి. బాగా ఆరిన జాకెట్టును తిరగేసి, చంక దగ్గర ఒక నీటి చుక్క, వీపు దగ్గర ఇంకొక చుక్క వేయండి. వీపు మీద చుక్క వెంటనే ఇంకిపోతుంది. చంక మీద చుక్క తామరాకు మీది నీటిబొట్టులా గుండ్రంగా నిలబడితే నేను చెప్పిన పొరే అని అర్థం. చూసి చెప్పండి, ఏం చేయాలో అప్పుడు వివరంగా రాస్తాను.

బోరు నీళ్లు (రేణిగుంట) | ఆదివారం, మధ్యాహ్నం 2:30

నగరి అన్నగారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఇది మన నీళ్ల దోషం. మా ఇంట్లో బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది, కుళాయి మూతికి సున్నం పేరుకుంటుంది. ఆ నీళ్లలో సబ్బు నురుగు రాదు, విరిగిపోయిన పాలలా తెల్లగా తేలుతుంది. ఆ తెలుపే బట్టల్లో మిగిలి గట్టిపడుతుంది. మా ఇంట్లో తువ్వాళ్లు కూడా అట్టలాగానే ఉంటాయి, తువ్వాలుకు ఎవరూ రోల్ ఆన్ పూయరు కదా.

అద్దకం నగరి | ఆదివారం, మధ్యాహ్నం 3:10

మీరు చెప్పింది తప్పు కాదు తమ్ముడూ. సున్నపు నీళ్లలో సబ్బు విరిగి తెల్లగా మిగలడం నిజమే, అద్దకం పనిలో మాకు మొదటి శత్రువు ఆ నీళ్లే. అయితే నీళ్లు ఒక్కటే కారణమైతే జాకెట్టు అంతా ఒకే రకంగా గట్టిపడాలి. అమ్మ జాకెట్టు చంకల దగ్గర మాత్రమే అట్టకట్టింది. నీళ్లు ఆ పొరను ఇంకా మందం చేస్తాయి, కానీ మొదలుపెట్టింది మాత్రం అల్యూమినియమే. ఈ రెండింటికీ మందు ఒకటే కావడం మన అదృష్టం. సున్నం సబ్బునూ అల్యూమినియం సబ్బునూ విడగొట్టేది పులుపే.

ముదురు నీలం | ఆదివారం, సాయంత్రం 5:45

అన్నగారూ, పరీక్ష చేశాను. మీరు చెప్పినట్లే వీపు మీద వేసిన చుక్క వేసీ వేయకముందే ఇంకిపోయింది. కుడి చంక మీద వేసిన చుక్క గుండ్రంగా నిలబడింది, జాకెట్టును కొంచెం వంచితే తడి కూడా అంటకుండా జారిపోయింది. ఎడమ చంక మీద కొంచెంసేపు నిలబడి, తర్వాత మెల్లగా ఇంకింది. నేను కుడిచేత్తో బోర్డు మీద రాస్తాను, ఆ వైపే చెమట ఎక్కువ పడుతుంది. గోటితో గీరితే గోటి కింద బూడిద రంగు మైనం లాంటిది చేరింది. ఏం చేయాలో చెప్పండి.

అద్దకం నగరి | ఆదివారం, రాత్రి 8:30

ఇక్కడ రెండు రకాల పదార్థాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయని ముందుగా గుర్తుంచుకోండి. పైన నూనె, మైనం, ఒంటి జిడ్డు ఉంటాయి. వాటి కింద పోగులను పట్టుకుని అల్యూమినియం ఉంటుంది. జిడ్డు తీయకుండా పులుపు పోస్తే, మీరు చూసిన నీటి చుక్కలాగే పులుపు నీళ్లు కూడా లోపలికి దిగకుండా జారిపోతాయి. నిమ్మరసం రుద్దినా ఫలితం లేదని చాలామంది అనడానికి ఇదే కారణం.

మొదట రంగు నిలుస్తుందో లేదో చూడాలి. పక్క కుట్టు లోపల వదిలిన మడత గుడ్డ మీద పులుపు నీళ్లు రెండు చుక్కలు వేసి, తెల్ల గుడ్డతో అద్ది, పావుగంట ఆగి చూడండి. తెల్ల గుడ్డకు రంగు అంటకపోతే, తడిసిన చోటు ఆరిన తర్వాత రంగు మారకపోతే ముందుకు వెళ్లవచ్చు.

తర్వాత ఆరిన జాకెట్టును తిరగేసి, చెంచా అంచుతో అట్టకట్టిన చోట మెల్లగా గీరి పొడిని దులపండి. గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా ఒక్కొక్క చంకకు పోసి, నీళ్లు కలపకుండానే వేళ్లతో గుడ్డలోకి పట్టించండి. పావుగంట తర్వాత పాత పళ్ల బ్రష్షుతో పోగు వెంబడి తోమి, గోరువెచ్చని నీళ్లతో నురుగు పోయేదాకా జాడించండి. ఈ దశలో బట్టల సబ్బు బిళ్ల దగ్గరికి కూడా రానివ్వకండి.

ఆ తర్వాత ఒక లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చిన్న చెంచాలు, అంటే పది గ్రాముల దాకా, నిమ్మ ఉప్పు కరిగించండి. కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు అని అడిగితే ఇస్తారు. అది దొరకకపోతే తెల్ల వెనిగర్ ఒక వంతుకు నీళ్లు రెండు వంతులు కలపండి. పాత్ర ప్లాస్టిక్‌దో స్టీలుదో ఉండాలి, అల్యూమినియం గిన్నె వాడకూడదు. చంక భాగం మాత్రం మునిగేలా ఒక గంట ఉంచి, మధ్యలో రెండుసార్లు పిసకండి. నీళ్లు చంటిబిడ్డకు పోసేంత వేడి ఉంటే చాలు, అంతకుమించిన వేడి రంగుకు మంచిది కాదు.

తీసి జాడించాక పని అయిపోయిందని అనుకోవద్దు. పులుపు అల్యూమినియాన్ని కరిగించి పట్టుకుపోతుంది కానీ, దానితో కట్టుకున్న కొవ్వు విడిపోయి గుడ్డలోనే ఉండిపోతుంది. అందుకని మళ్లీ గిన్నెల లిక్విడ్ కొద్దిగా పట్టించి ఉతకాలి. ఆఖరున మంచి నీళ్లలో మూడుసార్లు జాడించండి. పులుపు మిగిలిన నూలు గుడ్డ మీద వేడి ఇస్త్రీ పెడితే పోగు బలం తగ్గిపోతుంది, నల్ల చొక్కాల విషయంలో ఇది మరీ ముఖ్యం. నీడలో ఆరేసి, ఆరిన తర్వాత మళ్లీ నీటి చుక్క వేయండి. చుక్క ఇంకితే పొర పోయినట్లు. నిలబడితే ఇస్త్రీ చేయకుండా మళ్లీ మొదటి నుంచి చేయండి. పొర మిగిలి ఉండగా ఇస్త్రీ చేస్తే ఆ మైనం కరిగి పోగుల్లోకి ఇంకా లోతుగా దిగుతుంది.

పొదుపు ఇల్లు | ఆదివారం, రాత్రి 9:15

అన్నగారూ, నేను చెప్పినదాంట్లో కూడా నిమ్మకాయ ఉంది కదా. మరి నా పద్ధతి ఎందుకు పనికిరాదో చెప్పండి. మా ఇంట్లో పని చేస్తోంది.

అద్దకం నగరి | ఆదివారం, రాత్రి 9:40

నిమ్మకాయ వరకు మీరు సరిగ్గానే పట్టుకున్నారమ్మా. ఇబ్బంది సోడాతోనే. సోడా పులుపును విరిచేస్తుంది. మీరు చూసే నురుగు ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటున్న గుర్తు, నురుగు ఆగేసరికి గిన్నెలో పులుపు ఉండదు, ఎక్కువైన సోడా మాత్రం మిగులుతుంది. కలపకుండా నిమ్మరసం ఒక్కటే పోసి ఉంటే మీకు ఇంకా బాగా పని చేసేది. పైగా సోడా పొడి ముదురు రంగు గుడ్డ నేతలో ఇరుక్కుని కొత్తగా ఇంకో తెలుపు తెస్తుంది. మీ పిల్లల చొక్కాలు తెల్లవైతే అది కంటికి కనిపించదు.

పొదుపు ఇల్లు | ఆదివారం, రాత్రి 9:55

అవును, బడి చొక్కాలు తెల్లవే. ఆ సంగతి నాకు తట్టలేదు. కానీ చెమట వాసన పోవడానికి సోడా మంచిదని నేను ఇప్పటికీ అంటాను. వేరుగా, ఇంకో రోజు వాడుకోవచ్చు కదా.

కుట్టు మిషను (చిత్తూరు) | సోమవారం, ఉదయం 7:30

నేను ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఈ మాటల్లో నా వంతు రెండు విషయాలు చెబుతాను.

జాకెట్టును పులుపు నీళ్లలో నిండా ముంచకండి. ముందు పట్టీకి ఉన్న హుక్కులు ఇనుపవైతే పై పూత చెరిగి తుప్పు వదులుతుంది, ఆ తుప్పు మరక తెల్ల మరకకన్నా మొండిది. హుక్కుల పట్టీని బయటకు మడిచి ఒక బట్టల క్లిప్పు పెట్టి, రెండు చంకలనూ దగ్గరకు చేర్చి చిన్న గిన్నెలో దించితే సరిపోతుంది.

రెండో విషయం లైనింగ్. నా దగ్గరికి వచ్చే జాకెట్లలో గట్టిదనం మూడు వంతులు లైనింగ్‌లోనే ఉంటుంది, పై గుడ్డ బాగానే ఉంటుంది. ఎంత ఉతికినా మెత్తబడకపోతే చంక దగ్గర లైనింగ్ ముక్కను మాత్రం విప్పి కొత్తది వేయవచ్చు. నేను అలా వేసేటప్పుడు ముందుగా నానబెట్టి ఆరేసిన పల్చటి నూలు గుడ్డ వాడతాను. నానబెట్టని గుడ్డ వేస్తే మొదటి ఉతుకులో కుంచించుకుని చంక ముడుచుకుంటుంది. గట్టిగా ఉన్న చోట చేతి కుట్టు విప్పేటప్పుడు బలవంతంగా లాగకండి. అట్టకట్టిన నూలు మడత పెట్టిన చోటనే చిరుగుతుంది. చాలామంది ఉతికేటప్పుడు బ్రష్షుతో అడ్డంగా తోమి ఆ మడత దగ్గరే చిల్లు తెచ్చుకుంటారు.

బస్సు ప్రయాణం (తిరుపతి నుంచి చిత్తూరు) | సోమవారం, ఉదయం 9:10

నాది కొంచెం వేరే సంగతి. రోజూ చిత్తూరుకు బస్సులో వెళ్లి వస్తాను. రసాయనాలు ఎందుకని రోల్ ఆన్ మానేసి, క్షౌరశాలలో గడ్డానికి రాసే పటిక బిళ్ల తెచ్చుకుని స్నానం తర్వాత చంకల్లో రాసుకుంటున్నాను. అది ప్రకృతి నుంచి వచ్చినదే కదా. అయినా నా నల్ల చొక్కాలకు తెల్ల చారలు పడుతున్నాయి. అన్నగారు పైన పటిక మాట అన్నారు కాబట్టి అడుగుతున్నాను.

అద్దకం నగరి | సోమవారం, ఉదయం 10:00

నాయనా, పటికలో ఉన్నదీ అల్యూమినియమే. రోల్ ఆన్‌లోని నూనె, మైనం ఇందులో ఉండవు కనుక మీ పని సులభం. సబ్బు తగలకముందు పటిక చార ఉత్త నీళ్లకే చాలావరకు కరుగుతుంది. కాబట్టి చొక్కా విప్పిన రోజే చంకలను మంచి నీళ్లలో నానబెట్టి పిండి, ఆ తర్వాతే ఉతుకుకు వేయండి. వారం రోజులు బుట్టలో పడేసి, ఆదివారం సబ్బు బిళ్ల రుద్దితే మీదీ అమ్మ జాకెట్టు దారే పడుతుంది. రాసుకున్న తర్వాత ఒళ్లు పూర్తిగా ఆరేవరకు చొక్కా తొడగకపోతే చారలు ఇంకా తగ్గుతాయి.

బోరు నీళ్లు | సోమవారం, ఉదయం 11:20

జాడించడానికి మంచి నీళ్లు అంటున్నారు కదా, మా ఇంట్లో ఆర్‌ఓ ఫిల్టరు నుంచి బయటకు పోయే నీళ్లను బకెట్లో పట్టి బట్టలకు వాడుతున్నాం. నీళ్లు వృథా కాకూడదని అలా చేస్తున్నాం. అవి పనికొస్తాయా?

అద్దకం నగరి | సోమవారం, ఉదయం 11:45

నేల తుడవడానికి వాడండి, ముదురు రంగు బట్టలకు మాత్రం వద్దు. ఫిల్టరు మంచి నీళ్లను వేరు చేసి, మిగిలిన సున్నమంతా ఆ బయటి గొట్టంలోకే పంపిస్తుంది. అంటే మీ బోరు నీళ్లకన్నా అవే ఎక్కువ సున్నం ఉన్న నీళ్లు. మీ తువ్వాళ్లు అట్టలాగా ఉండటానికి అది కూడా ఒక కారణం అయి ఉంటుంది. మునిసిపాలిటీ కుళాయి నీళ్లో, వాన నీళ్లో దొరికితే ఆఖరి జాడింపుకు అవి వాడండి. ఏమీ దొరక్కపోతే ఆఖరి జాడింపుకు ఒక్క బకెట్ ఫిల్టరు నీళ్లు చాలు.

బోరు నీళ్లు | సోమవారం, మధ్యాహ్నం 12:05

అర్థమైంది. అయినా మా ప్రాంతంలో నీళ్ల పాత్ర మీరు అనుకున్నదానికన్నా ఎక్కువేనని నా అభిప్రాయం. మా అక్క వాళ్లది బెంగళూరు, ఇదే రోల్ ఆన్ వాడుతుంది, తన జాకెట్లకు ఈ బాధ లేదు.

శ్రీకాళహస్తి కలం | సోమవారం, సాయంత్రం 6:30

చర్చ మొత్తం చదివాను, నాకు ఒక భయం కలిగింది. నా దగ్గర కలంకారీ గుడ్డతో కుట్టించిన జాకెట్లు నాలుగు ఉన్నాయి, చేత్తో కలంతో గీసినవి. వాటికీ చంకల దగ్గర ఇలాగే గట్టిబడింది. మా ఇంట్లో పెద్దవాళ్లు ఈ పని చేసినవారే కనుక నాకు తెలిసింది చెబుతాను. మా నలుపు బజారు రంగు కాదు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన ద్రవంతో, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తారు. ఆ ఇనుమూ కరక్కాయలోని వగరూ కలిస్తేనే నలుపు వస్తుంది. తుప్పు మరక మీద నిమ్మకాయ రుద్దితే ఇనుము వదిలిపోతుందని అందరికీ తెలుసు. మరి నిమ్మ ఉప్పు నీళ్లలో ఒక గంట నానబెడితే ఆ నలుపు నిలుస్తుందా?

అద్దకం నగరి | సోమవారం, రాత్రి 7:15

నిలవదమ్మా. మీరు సరైన సమయానికి అడిగారు, ఈ మాట నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఇనుముతో వచ్చిన నలుపు మీద పులుపు పడితే గీత గోధుమ రంగుకు తిరిగి, ఆపై చెదిరిపోతుంది. అంతేకాదు, మీ ఎరుపు కూడా గుడ్డను పటికతో పట్టి నిలిచిన రంగే. మనం బయటకు పంపాలనుకునే అల్యూమినియమే అక్కడ రంగును పట్టి ఉంచుతోంది. కాబట్టి నేను రాసిన పద్ధతి మిల్లు రంగులు వేసిన నూలుకు మాత్రమే. చేతి కలంకారీకి వద్దు. అచ్చు యంత్రం మీద కలంకారీ బొమ్మలు వేసిన గుడ్డలు వేరు, వాటిలో చాలావాటికి ఇబ్బంది ఉండదు, కానీ మడత గుడ్డ మీద పరీక్ష తప్పనిసరి.

కుట్టు మిషను | సోమవారం, రాత్రి 8:00

కలంకారీ జాకెట్టుకైతే లైనింగ్ మార్చడమే దారి అని నా అభిప్రాయం. కొత్తగా కుట్టించేటప్పుడే చంక దగ్గర విడిగా తీసి ఉతుక్కునే ప్యాడ్ పెట్టమని దర్జీని అడగండి. గుండ్రటి నూలు ముక్కను రెండు మడతలు వేసి, నాలుగు చోట్ల చిన్న టిచ్ బటన్లతో బిగిస్తే సరిపోతుంది.

ముదురు నీలం | బుధవారం, రాత్రి 9:20

అన్నగారికీ కుట్టు మిషను అక్కకూ నమస్కారాలు. జరిగింది జరిగినట్లు రాస్తాను.

మంగళవారం సాయంత్రం ముదురు నీలం జాకెట్టు ఒకటి పట్టుకున్నాను. మడత గుడ్డ మీద పరీక్షలో రంగు నిలిచింది. చెంచాతో గీరితే కాగితం మీద అర చెంచా పొడి రాలింది, చేత్తో నలిపితే మైనంలా సాగింది. లిక్విడ్ పట్టించి జాడించాక నిమ్మ ఉప్పు నీళ్లలో గంట ఉంచాను. తీసేసరికి నీళ్లు కొంచెం మసకబారాయి. మళ్లీ లిక్విడ్ వేసి తోమితే ఈసారి నురుగు బాగా వచ్చింది, ఇంతకుముందు ఆ చోట నురుగే నిలిచేది కాదు. బుధవారం ఉదయం ఆరాక చుక్క వేశాను. ఎడమ చంక మీద వెంటనే ఇంకిపోయింది, గుడ్డ వీపు దగ్గరలాగే మెత్తగా ఉంది. కుడి చంక మీద చుక్క ఇంకా కొంచెంసేపు నిలబడింది. బడి నుంచి వచ్చాక ఆ వైపుకు మాత్రం రెండోసారి చేశాను. ఇప్పుడు అది కూడా మెత్తబడింది, తెల్లటి అంచు పోయింది.

అయితే తెల్ల పొర పోయిన చోట ఒక అర్ధచంద్రాకారంలో రంగు ఎర్రబారి కనిపిస్తోంది. అది కూడా మరకేనా, మూడోసారి చేయాలా? మావారి నల్ల చొక్కాల్లో ఒకటి పూర్తిగా బాగైంది. రెండోదానికి చంకల దగ్గర ఇలాగే గోధుమ రంగు తేలింది, దాని మీద చుక్క మాత్రం వెంటనే ఇంకుతోంది.

అద్దకం నగరి | బుధవారం, రాత్రి 10:00

చుక్క ఇంకుతోందని, గుడ్డ మెత్తబడిందని మీరే చెప్పారు కనుక ఇక అక్కడ తీయవలసిన పదార్థం లేదు. ఆ ఎరుపు మరక కాదు, రంగు పోయిన చోటు. చెమటా రోల్ ఆన్‌లోని ఘాటూ రెండేళ్లు రంగును తిన్నాయి, తెల్ల పొర ఇన్నాళ్లూ దాన్ని కప్పి ఉంచింది. మూడోసారి చేస్తే పోగు అరగడం తప్ప ఫలితం ఉండదు. నల్ల చొక్కాను మొత్తంగా మళ్లీ నలుపు అద్దించవచ్చు. చంక ఒక్కదానికే రంగు పూస్తే చుట్టూ అంచు తేలిపోయి ఇంకా వికారంగా ఉంటుంది. నీలం జాకెట్టు చెయ్యి దించితే కనిపించని చోటు కనుక అలాగే వాడుకోండి. మిగతా జాకెట్లను ఇదే వరుసలో చేయండి. ఇకపైన ఉతికేటప్పుడు చంకల దగ్గర సబ్బు బిళ్లకు బదులు డిటర్జెంటు పొడి నీళ్లు, నెలకొకసారి నిమ్మ ఉప్పు నీళ్లు చాలు.

ముదురు నీలం | బుధవారం, రాత్రి 10:25

నలుపు అద్దించే విషయం మావారికి చెబుతాను. మరొక సందేహం ఉంది. మా ఇంట్లో చీరలకు, జాకెట్లకు గంజి పెడతాం. గంజి వల్ల కూడా ఇది పెరుగుతుందా?

అద్దకం నగరి | గురువారం, ఉదయం 6:50

గంజి వేడి నీళ్లకు వదిలేదే, దానంతట అది ఈ పొరను తేదు. కానీ పొర ఉన్న చోట గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే రెండూ కలిసి బిగుసుకుంటాయి, తర్వాత తీయడం కష్టం. చీరకు పెట్టుకోండి. జాకెట్టుకు పెట్టాలనుకుంటే చేతులు, వీపు గంజిలో తడిపి చంకలు వదిలేయండి.

బస్సు ప్రయాణం | గురువారం, సాయంత్రం 7:40

నా చొక్కాలు రెండు రోజులు ఉత్త నీళ్లతో చూశాను. కొత్త చారలు పోతున్నాయి, పాతవి పోలేదు. మా ఆఫీసులో ఒకాయన ఒట్టి స్ప్రే వాడతారు, డబ్బా మీద ఎక్కడా అల్యూమినియం అని లేదు, ఆయన నల్ల చొక్కా కూడా చంకల దగ్గర గట్టిగా ఉందని చూపించారు. అది మరి ఎందుకు?

బోరు నీళ్లు | గురువారం, రాత్రి 8:05

నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే. నీళ్లు.

అద్దకం నగరి | గురువారం, రాత్రి 8:50

కావచ్చు తమ్ముడూ. ఒంటి జిడ్డూ సున్నపు సబ్బూ కలిసినా గట్టిపడుతుంది. ఆయన అంతకుముందు రోల్ ఆన్ వాడి మానేశారేమో, అల్యూమినియం ఏళ్ల తరబడి గుడ్డలోనే ఉండిపోతుంది. చొక్కా చూడకుండా ఏదీ ఖాయంగా చెప్పలేను. చుక్క పరీక్ష చేసి, జిడ్డు ముందు తీసి, పులుపు తర్వాత పట్టించమనండి. రెండు కారణాలకూ అదే వరుస పనిచేస్తుంది.

శ్రీకాళహస్తి కలం | శుక్రవారం, ఉదయం 8:15

అన్నగారు వద్దన్నా, నా కళ్లతో చూడాలని మిగిలిపోయిన కలంకారీ పీలిక మీద నిమ్మ ఉప్పు నీళ్లు ఒక్క చుక్క వేశాను. నెమలి మెడ గీత మీద చుక్క పడిన చోట పది నిమిషాల్లో నలుపు పలచబడి తేనె రంగుకు వచ్చింది. వెంటనే కడిగినా తిరిగి నల్లబడలేదు. జాకెట్లను పులుపులో పెట్టలేదు. గిన్నెల లిక్విడ్‌ను నీళ్లలో బాగా పలచగా కలిపి, లైనింగ్ వైపు నుంచి మెత్తటి గుడ్డతో అద్ది తీశాను. జిడ్డు కొంత వదిలింది, గట్టిదనం సగానికి పైగా అలాగే ఉంది. ఒక జాకెట్టు లైనింగ్ విప్పడానికి ఈ ఆదివారం కూర్చుంటాను. కుట్టు మిషను అక్కా, పై గుడ్డకు కలిపి కుట్టిన చంక కుట్టును విప్పకుండా లైనింగ్ ఒక్కటే తీయడానికి వీలుంటుందా?

కుట్టు మిషను | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

రెండూ కలిపి కుట్టి ఉంటే చేతి చుట్టు కుట్టు, పక్క కుట్టు జానెడు మేర విప్పక తప్పదు. విప్పేముందు పై గుడ్డ మీద చంక దగ్గర పాత కుట్టు గీత వెంబడి తెల్ల దారంతో పొడుగు టాకాలు వేసి పెట్టుకోండి, తిరిగి కుట్టేటప్పుడు కొలత తప్పదు. లైనింగ్‌ను కుట్టు వైపు నుంచి రెండు వేళ్ల వెడల్పు వదిలి కత్తిరించి, కొత్త ముక్కను దాని కిందకు దోపి చేతి కుట్టు వేయండి. మిషను మీద వేస్తే ఆ మడత గట్టుగా నిలిచి చంకలో రాసుకుంటుంది.

శ్రీకాళహస్తి కలం | శుక్రవారం, మధ్యాహ్నం 2:10

అలాగే చేస్తాను అక్కా. విప్పిన పాత లైనింగ్ ముక్కను పారేయకుండా నిమ్మ ఉప్పు నీళ్లలో వేసి, ఎంత మెత్తబడుతుందో చూసి ఇక్కడే రాస్తాను.